మీనమేషాల పెదనాన్న

మీనమేషాలు లెక్కపెట్టడం అనే మాటను జనం ఊరికే వాడేస్తుంటారు. మా పెదనాన్న ఆ పని నిజంగానే చేసేవాడు. అదీ రోజూ, కుడిచేతి బొటనవేలితో మిగతా వేళ్ల కణుపులు నొక్కుకుంటూ. అవతలివాళ్లు కాఫీ తాగుతారా అని అడిగినా ఆ వేలు ఒకసారి కదిలేది.

వృత్తి చెప్పాలంటే గడియారాలు బాగుచేయడం. బజారు మలుపులో ఒక అరుగంత షాపు, అద్దాల బల్ల, బల్ల మీద చిన్న దీపం, కంటికి తగిలించుకునే భూతద్దం. గోడ మీద డజను గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ. ఏది కరెక్టు అని ఎవరైనా అడిగితే, "నాది," అని చేతి గడియారం చూపించేవాడు. ఆ గడియారం మీద ఆయనకున్న నమ్మకంలో పదోవంతు భార్య మీద ఉండి ఉంటే నేనీ కథ రాయవలసిన పని ఉండేది కాదు.

పంచాంగం ఆయనకు గడియారాల వల్లే అంటుకుంది. బంధువుల్లో ఏ పెళ్లి జరిగినా టైము చూడమని ఈయనను పీటల పక్కన నిలబెట్టేవారు. శుభలేఖలో వేసే టైము తాళి కట్టే టైమని సగం మంది అనుకుంటారు. కాదు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే క్షణం అది. అదే సుముహూర్తం. మిగతాదంతా దాని వెనక నింపాదిగా నడుస్తుంది. ఆ క్షణానికి పెదనాన్న చెయ్యి పైకెత్తి "కానివ్వండి!" అని అరిచేవాడు. నాలుగు పెళ్లిళ్లలో ఇలా అరిచేసరికి, టైము చెప్పేవాడికి టైము పెట్టడం కూడా వచ్చేసిందని ఆయనకు అనిపించింది. పంచాంగం కొన్నాడు. ఇక ఇంటిల్లిపాదికీ శని పట్టింది.

న్యాయంగా చెప్పుకోవాలి, ఆయన నేర్చుకున్నది సరిగ్గానే నేర్చుకున్నాడు. ముహూర్తం అంటే లెక్క ప్రకారం రెండు గడియలు, అంటే మన గంటకు కాస్త తక్కువ. కానీ మంచిపనికి ముహూర్తం పెట్టడమంటే ఒక్క టైము చూడటం కాదు, జల్లెడ పట్టడం. ముందు నెల చూడాలి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు, పక్కన పెట్టేయాలి. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా పోయి కనపడకపోతే అది మౌఢ్యం, అప్పుడు పెళ్లీ వద్దు గృహప్రవేశమూ వద్దు. తర్వాత తిథి, వారం, నక్షత్రం. చవితి, నవమి, చతుర్దశి పనికిరావు. మంగళవారం ఇంట్లో దిగకూడదు. వర్జ్యం, దుర్ముహూర్తం తగలకూడదు. ఇవన్నీ దాటి వచ్చిన రోజులో మళ్లీ లగ్నం చూడాలి. తూర్పున ఏ రాశి ఉదయిస్తుంటే అదే లగ్నం, సుమారు రెండు గంటలకొకటి మారుతుంది. ఇల్లు స్థిరంగా ఉండాలి కాబట్టి గృహప్రవేశానికి వృషభం, సింహం, వృశ్చికం, కుంభం లాంటి స్థిర లగ్నం కావాలి. ఆ లగ్నానికి ఎనిమిదో ఇంట్లో గ్రహాలు ఉండకూడదు. పెళ్లికైతే ఏడో ఇల్లు కూడా ఖాళీగా ఉండాలి. పైగా లగ్నం టైము ఊరినిబట్టి మారుతుంది. వేరే ఊరి పంచాంగం చూసి ఇక్కడ పీటలెక్కితే, ఆ శుభం అక్కడే జరుగుతుందని పెదనాన్న వెక్కిరించేవాడు.

ఇంత జల్లెడా పట్టాక చివరి మెట్టు ఒకటి ఉంది. అక్కడే మా పెద్దమ్మ బతుకు ఇరుక్కుంది.

ఆ మెట్టు పేరు తారాబలం. మన పుట్టిన నక్షత్రం నుంచి ఆ రోజు నక్షత్రం దాకా లెక్కపెట్టి, తొమ్మిదేసి తీసేస్తూ పోతే మిగిలేదే మన తార. మూడు మిగిలితే విపత్తు, ఐదు మిగిలితే ప్రత్యక్కు, ఏడు మిగిలితే నైధనం. ఈ మూడూ చెడ్డవి, అందులో నైధనం అంటే చావుతో సమానం. దీనికి తోడు చంద్రబలం. మన రాశికి ఎనిమిదింటనో పన్నెండింటనో చంద్రుడుంటే ఆ రోజు మనది కాదు. గృహప్రవేశానికి భార్యాభర్తలిద్దరికీ ఈ బలాలు కుదరాలి. పుట్టిన నక్షత్రం తెలియనివాళ్లకు పేరులో మొదటి అక్షరాన్నిబట్టి నక్షత్రం పట్టుకుంటారు. మా పెద్దమ్మది అలాంటి పేరు నక్షత్రమే. పెళ్లిచూపుల్లో వాళ్ల నాన్న, "పుట్టిన వేళ ఎవరూ రాసిపెట్టలేదండీ," అన్నాడట. పేరునిబట్టి అశ్విని అని తేల్చారు. పెదనాన్నది పునర్వసు. రెండూ కలిశాయి. స్వాతి నక్షత్రం రోజున ఊరంతా మెచ్చుకున్న ముహూర్తానికి పెళ్లి అయింది.

ఆ పెళ్లయ్యాక పెద్దమ్మ కాపురం మొదలుపెట్టింది షాపు వెనక రెండు గదుల్లో. అద్దె గదులు. వంటిల్లు అనబడేది పై అంతస్తుకు పోయే మెట్ల కింద ఉంది. మెట్లు ఏటవాలుగా దిగి సరిగ్గా పొయ్యి నెత్తిన ఆగుతాయి. అందులో పిల్లలు నిలబడగలరు, పిల్లి నిలబడగలదు, మనిషి మాత్రం వంగాలి. పెద్దమ్మ ముప్ఫై ఎనిమిదేళ్లు వంగింది. పైన ఎవరు మెట్లు దిగినా కూరలో సున్నం రాలేది. అత్తగారు గదిలో మంచం మీద కూర్చుని, "ఇవాళ ఉప్పెక్కువైంది," అనేది. అది ఉప్పు కాదని పెద్దమ్మ ఒక్కసారీ చెప్పలేదు. ఆ అత్తగారు, అంటే మా నాయనమ్మ, ఆ కూరలే తిని తొంభై రెండేళ్లు బతికింది. కోడలి వంటకు ఇంతకన్నా సర్టిఫికెట్టు ఉండదు.

పెద్దమ్మకు జీవితంలో ఒక్కటే కోరిక. నగలు కాదు, చీరలు కాదు. "నిలబడి వంట చేసుకోవాలే," అనేది నాతో. "తల పైకెత్తితే మెట్టు తగలకూడదు. అంతే."

ఆఖరికి పెదనాన్న నాలుగు వీధుల అవతల చిన్న ఇల్లు కట్టాడు. నిజం చెప్పొద్దూ, బాగా కట్టాడు. వంటిల్లు ఎత్తుగా, తూర్పున పెద్ద కిటికీ. సున్నాలు ఆరాయి, కుళాయిల్లో నీళ్లొచ్చాయి. పెద్దమ్మ రోజూ సాయంత్రం అక్కడికెళ్లి గుమ్మం బయటే నిలబడి కిటికీలోంచి వంటింటిని చూసి వచ్చేది. లోపలికి వెళ్లకూడదు కదా, ముహూర్తం కాలేదు.

వైశాఖంలో పంతులుగారు ఉత్తర నక్షత్రం ఉన్న రోజు పెట్టారు. ఏకాదశి, వృషభ లగ్నం, వంక పెట్టడానికి లేదు. పెదనాన్న వేళ్లు కదిలాయి. "నాకు సాధన తార. దీనికి మాత్రం మూడోది. విపత్తు."

"దోషానికి దానం ఉందండీ," అన్నారు పంతులుగారు. "విపత్తారకు బెల్లం దానమిస్తే సరిపోతుంది."

"బెల్లానికి పోయే విపత్తు విపత్తేనా?" అన్నాడు పెదనాన్న. మీసాల్లోంచి నవ్వాడు కూడా, గొప్ప మాట అన్నట్టు. వైశాఖం అలా పోయింది. జ్యేష్ఠంలో ఏదీ ఆయన కంటికి ఆనలేదు. ఆషాఢం శూన్యమాసం.

శ్రావణంలో అనూరాధ వచ్చింది. తార ఇద్దరికీ కుదిరింది. మా అమ్మ సంబరపడి పెద్దమ్మకు ఫోన్ చేయబోయింది. ఈలోపే పెదనాన్న చంద్రుణ్ణి పట్టుకున్నాడు. అశ్విని మేషరాశి. మేషానికి ఎనిమిదో రాశి వృశ్చికం, అనూరాధ ఉండేది అందులోనే. అష్టమ చంద్రుడు! ఆయన ఆ మాట అన్న తీరు చూస్తే చంద్రుడు షాపులో దొంగతనానికొచ్చి దొరికిపోయాడేమో అనిపించేది.

మధ్యలో ఒక రోహిణి కూడా వచ్చింది. అది పెద్దమ్మకు క్షేమ తార. కానీ పునర్వసు నుంచి లెక్కపెడితే ఏడు మిగులుతుంది, అంటే పెదనాన్నకు నైధనం. ఆ రోజు సంగతి మాత్రం ఆయన చాలా మృదువుగా, "ఇది అంత కలిసిరాదు," అని పక్కన పెట్టేశాడు. ఆయన తార చెడ్డదైతే రోజు కలిసిరాదు. ఆవిడ తార చెడ్డదైతే ఆవిడ కలిసిరాదు. శాస్త్రంలో ఈ తేడా ఎక్కడుందో నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

భాద్రపదం శూన్యమాసం. కార్తీకంలో ఉత్తరాభాద్ర. చంద్రుడు మీనంలో. మేషానికి మీనం పన్నెండోది. పెదనాన్న పంచాంగం మూసేసి, "నీ నక్షత్రమే అంతే," అన్నాడు పెద్దమ్మతో. "ఏ పనికీ అడ్డం పడుతుంది. నీ కర్మ, నా కర్మ."

పెద్దమ్మ వంగుని మెట్ల కిందకు వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఈ మాట ఆయన అప్పుడు కొత్తగా అన్నది కాదు. కుట్టుమిషను కొనాలన్నా, తీర్థయాత్రకు పోవాలన్నా, చెల్లెలి కూతురి పెళ్లికి ఒక రోజు ముందు బయల్దేరాలన్నా, ముప్ఫై ఎనిమిదేళ్లుగా అడ్డం పడింది ఆ నక్షత్రమే. అంత శక్తి ఉన్న నక్షత్రం ఆయన నోటికి మాత్రం ఎందుకు అడ్డం పడలేదో తెలియదు.

తర్వాత శుక్ర మౌఢ్యం వచ్చింది, పుష్యం వచ్చింది. కొత్త ఇంటి కిటికీ అద్దాల మీద దుమ్ము పేరుకుంది. పెద్దమ్మ నడుము నొప్పికి మాత్రం మౌఢ్యం లేదు. డాక్టరు వంగవద్దన్నాడు. పెద్దమ్మ సరేనని ఇంటికొచ్చి వంగి వంట చేసింది.

మాఘానికి ముహూర్తం చూడటానికి పుష్యం చివర ఒక ఆదివారం మధ్యాహ్నం పంతులుగారు షాపు వెనక గదికి వచ్చారు. మా అమ్మా నాన్నా నేనూ కూడా ఉన్నాం. పెద్దమ్మ మెట్ల కింద టీ పెడుతోంది. పంతులుగారు మాఘ పంచమి చెప్పారు. ఉత్తరాభాద్ర నక్షత్రం, కుంభ లగ్నం, స్థిరం, అష్టమ శుద్ధి ఉంది.

"మళ్లీ ఉత్తరాభాద్రేనా!" అన్నాడు పెదనాన్న. "దీనికి ద్వాదశ చంద్రుడు."

పంతులుగారు ఓపిక గల మనిషి. "అయ్యా, దోషమే లేని రోజంటూ ఉండదు. గుణాలు ఎక్కువున్న రోజు చూసుకుని దిగాలి. దోషం లేని రోజు కోసం కూర్చుంటే బ్రహ్మదేవుడు కూడా ఇంట్లో దిగలేడు," అన్నారు.

పెదనాన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి మా నాన్న భయపడ్డాడు, తమ్ముడు కదా, అలవాటు.

"ఒక ఉపాయం ఉంది. తమ్ముడూ మరదలూ పీటల మీద కూర్చుంటారు. వాళ్లిద్దరికీ బలం కుదిరింది, నేను చూశాను. వాళ్లే ముందు గడపలో కుడికాలు పెడతారు, మరదలు పాలు పొంగిస్తుంది. దీనికి మంచి రోజు వచ్చాక వెనకాల మేం దిగుతాం. అప్పటిదాకా ఇది ఇక్కడే ఉంటుంది."

మా అమ్మ లేచి నిలబడింది. తోడికోడలు ఏడాదిగా కిటికీలోంచి చూసుకుంటున్న పొయ్యిని తను వెలిగించాలట. "అయ్యో బావగారూ, అదేంటండీ..." అని ఆగిపోయింది.

మెట్ల కింద గిన్నె చప్పుడు ఆగింది. పెద్దమ్మ బయటికొచ్చింది. చేతిలో టీ పళ్లెం లేదు. అతిథులుండగా ఆవిడ ఉత్త చేతులతో గదిలోకి రావడం నేను అంతకుముందు చూడలేదు.

"నాది అశ్విని కాదండీ," అంది.

"ఏంటీ?"

"నా నక్షత్రం. అశ్విని కాదు. నేను పుట్టింది ఆశ్లేషలో. మా అమ్మకు ఘడియలతో సహా తెలుసు."

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఆశ్లేషలో పుట్టిన పిల్ల కోడలుగా వస్తే అత్తగారికి గండమని ఒక నమ్మకం ఉంది. అత్తగారున్న ఇంట్లో ఆ పిల్లను చేసుకోరు. అందుకని ఆడపిల్ల తల్లిదండ్రులు చాలామంది పుట్టిన వేళ హఠాత్తుగా మర్చిపోతారు. పెద్దమ్మ వాళ్లూ మర్చిపోయారు.

పెదనాన్న చూపు నాయనమ్మ మంచం ఉండే మూలకు పోయింది. "మా అమ్మ..."

"మీ అమ్మ తొంభై రెండేళ్లకు నిద్రలో పోయారు. ముందురోజు రాత్రి ఉప్పెక్కువైందన్నారు."

మా నాన్న దగ్గు వచ్చినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పంతులుగారు పంచాంగంలోకి తలదూర్చారు.

"ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు పెదనాన్న.

"కొత్తలో భయం. చెబితే పుట్టింటికి పంపేస్తారని మా అమ్మ ఒట్టు పెట్టించుకుంది. తర్వాత అలవాటైపోయింది. మీరు నా నక్షత్రాన్ని తిట్టినప్పుడల్లా, తిట్టుకోనీ, నాది కాదు కదా అనుకునేదాన్ని." పెద్దమ్మ ఊపిరి తీసుకుంది. "ఆ పొయ్యి మాత్రం నాదండీ. అది నేనే వెలిగిస్తాను."

పెదనాన్న బొటనవేలు కదలడం మొదలైంది. ఆశ్లేష నుంచి ఉత్తరాభాద్ర, పరమమైత్రం. రాశి కర్కాటకం, చంద్రుడు తొమ్మిదింట, శుక్లపక్షం, మంచిదే. వేలు ఆగలేదు, వెనక్కి వెళ్లింది. కార్తీకం, అదే ఉత్తరాభాద్ర, పరమమైత్రం. శ్రావణంలో అనూరాధ, పరమమైత్రం. వైశాఖంలో ఉత్తర, క్షేమం. తను కొట్టేసిన రోజులన్నీ ఆవిడ రోజులే. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అన్నాళ్లూ ఆయన మీద మండిన ఒళ్లు అప్పుడు చల్లబడుతుందనుకున్నాను, చల్లబడలేదు.

వేలు ఇంకా వెనక్కి పోయింది. ఒకచోట ఆగింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగింది.

"మన పెళ్లి స్వాతిలో అయింది," అన్నాడు మెల్లగా. "ఆశ్లేషకు స్వాతి ఏడోది. నైధనం. నిన్ను నైధన తారలో పెళ్లి చేసుకున్నాను నేను."

"అవునట. మా అమ్మ ఆ రాత్రంతా ఏడ్చింది," అంది పెద్దమ్మ. "చచ్చానా? ఇక్కడే ఉన్నానుగా, మీ వెనకాలే, వంగుని."

పెదనాన్న తలెత్తి ఆవిడను చూశాడు. తర్వాత పంతులుగారి వైపు తిరిగి, "పంచమి రాయండి," అన్నాడు. ఆయన జీవితంలో నేను చూసిన అతి చిన్న ముహూర్త నిర్ణయం అదే.

పంచమి రోజు బంధువులంతా వచ్చారు. ఏడాదిగా పెదనాన్న వాయిదాలు వినివిని వాళ్లకు నమ్మకం పోయింది, ఈసారైనా లోపలికి పోతారో లేదో చూద్దామని సగం మంది దానికే వచ్చారు. మా మేనత్త, అంటే పెదనాన్న చెల్లెలు, ముందు వరసలో నిలబడింది. గడప ముందు సంకల్పం చెబుతూ పంతులుగారు గోత్రం అడిగారు, పెదనాన్న నక్షత్రం అడిగారు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మగారిది?" అన్నారు. ఏది చెప్పినా సరే, నేను అదే చదువుతాను అన్నట్టుంది ఆయన వాలకం.

"ఆశ్లేష," అన్నాడు పెదనాన్న. పెళ్లిళ్లలో "కానివ్వండి" అని అరిచే గొంతుతోనే అన్నాడు.

మేనత్త గుండెల మీద చెయ్యేసుకుంది. "ఆశ్లేషా! అన్నయ్యా, మరి మా అమ్మకు..."

"అమ్మకు ఏమైంది? తొంభై రెండు. నువ్వు కూడా అంతకాలం బతకాలంటే మీ వదిన చేతి వంట తిను," అన్నాడు. "పంతులుగారూ, లగ్నం దాటిపోతోంది."

ఇద్దరూ కుడికాళ్లు పెట్టి లోపలికి వెళ్లారు. పెద్దమ్మ నేరుగా వంటింట్లోకి నడిచింది. పొయ్యి వెలిగించింది. పాలగిన్నె పెట్టింది. పైన కప్పు ఎంతో ఎత్తున ఉంది. కిటికీలోంచి ఎండ పొయ్యి మీద పడుతోంది. పెద్దమ్మ మెడ వంచి, భుజాలు ముడుచుకుని, నడుము ముందుకు వాల్చి ఆ పొయ్యి ముందు నిలబడింది.

"నిటారుగా నిలబడవే, ఇక్కడ మెట్లు లేవు," అన్నాడు పెదనాన్న నవ్వుతూ.

పెద్దమ్మ మెడ ఎత్తింది. భుజాలు వెనక్కి తీసుకుంది. ఇంకొంచెం లేవాలని చూసింది. నడుము లేవలేదు.

"ఇంతే వస్తుందండీ," అంది.

పాలు పొంగాయి. బయట అందరూ సంతోషంగా కేకలు వేశారు. పెదనాన్న పాల వైపు చూడలేదు. పెద్దమ్మ నడుము మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు.